గీతలు లేని పుట్టినరోజు కార్డు

సోఫాలు కుట్టే ఆ షాపులో కుట్టు బాబాయ్‌కి రచయిత హోదా ఎలా వచ్చిందో అడిగితే, ఆయన గొంతు సవరించుకుని మొదలుపెడతాడు. వినేవాళ్లు ఆలోగా టీ తాగి వచ్చేయవచ్చు. అసలు సంగతి చిన్నదే. కుట్టి పెట్టిన సోఫాల మీద జనం కూర్చుని, కాళ్లు చాపుకుని బేరాలాడుతుంటే ఓనరుకి చిరాకేసి, ఒక అట్టముక్క మీద ఏదైనా రాసి పెట్టమన్నాడు. బాబాయ్ కాసేపు పెన్సిల్ కొరికి, "బేరం నిలబడి ఆడండి, కొన్నాక కూర్చోండి" అని రాశాడు. అది చదివి ఒకాయన నవ్వాడు. నవ్వి సోఫా కొనకుండా వెళ్లిపోయాడు గానీ, నవ్వడం మాత్రం నవ్వాడు. ఆ రోజు నుంచి షాపులో ఏది రాయాల్సి వచ్చినా బాబాయ్ చేతికే వచ్చేది.

వాటిలో ముఖ్యమైనవి పుట్టినరోజు కార్డులు. ఎవరి పుట్టినరోజైనా సరే, సాయంత్రం టీ వేళ మెషీన్లు ఆపి అందరూ కోత బల్ల చుట్టూ చేరతారు. బాబాయ్ కార్డు చదువుతాడు, తర్వాత కేకు కోస్తారు. కార్డు తయారీకి ఆయన దగ్గర ఒక పద్ధతి ఉంది. ముందు రోజు ప్రతివాళ్ల దగ్గరికీ వెళ్లి, "ఒక మంచి గుణం చెప్పు" అని అడుగుతాడు. చెప్పినవన్నీ వరసగా, ఒక్కోదాని ముందు ఒక్కో గీత పెట్టి రాస్తాడు. ఏదీ వదలడు. జానెడు రెక్సిన్ ముక్క కూడా పారేయకుండా పెట్టెలో దాచుకునే మనిషికి, సాటివాళ్లు ఇచ్చిన మాట వదిలెయ్యడానికి చేతులు రావు. ఎవరి దగ్గరా ఏమీ దొరక్కపోతే తన తరఫున "నవ్వుతూ పలకరిస్తారు" అని చేర్చేవాడు. వ్యాన్ డ్రైవరు కార్డులో అది ఉంది. పాలిష్ మామ కార్డులోనూ ఉంది. చెక్కకి రంగు పట్టించే ఆ పాలిష్ మామ నవ్వగా చూసినవాళ్లు షాపులో ఎవరూ లేరు.

పాలిష్ మామ తన కార్డు మొత్తం విని, "బాగుంది బాబాయ్, కేకు ఇంకో ముక్క ఉందా?" అన్నాడు. బాబాయ్ దాన్ని మెప్పు కింద జమ వేసుకున్నాడు.

ఆ వారం శుక్రవారం కటింగ్ అక్క పుట్టినరోజు.

షాపులో బట్ట కోసేది ఆవిడే. పరుపులకి, కుషన్లకి, కుర్చీ చేతులకి ఎంత బట్ట పడుతుందో చూసి, సుద్దతో గీత గీసి కత్తెర వేస్తుంది. ఆవిడ కోసిన ముక్కలు రెండు కలిపి పట్టుకుంటే అంచులు వాటంతట అవే కలుస్తాయి. బాబాయ్ చెయ్యాల్సిందల్లా మెషీన్ తొక్కడం. ఈ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. "బాబాయ్ కుట్టు ఎంత తిన్నగా ఉంటుందో" అని జనం అంటుంటే తల వంచుకుని వినడం ఆయనకి అలవాటు. ఒకసారి అక్క సెలవు పెట్టినప్పుడు ఓనరు తనే కోసి ఇచ్చాడు. ఆ సోఫాని ఇప్పటికీ షాపులో వెనక గోడకి ఆనించి పెట్టారు. టీ గ్లాసులు పెట్టుకోవడానికి బాగానే పనికొస్తోంది.

ఇప్పుడు అక్క వెళ్లిపోయేలా ఉంది. వేరే ఊళ్లో ఉన్న కూతురు వచ్చేసి తమతో ఉండమని ఫోన్ల మీద ఫోన్లు చేస్తోంది. ఓనరు అడిగితే అక్క సుద్దముక్క చెవి మీద పెట్టుకుని, "పుట్టినరోజు కానివ్వండి, ఆ తర్వాత చెప్తా" అంది. ఆ మాట విన్నప్పటినుంచి బాబాయ్ కుట్టు రెండుసార్లు వంకర పోయింది.

"ఉండమని నువ్వు అడగొచ్చుగా?" అన్నాడు పాలిష్ మామ.

"కార్డులో చూపిస్తా చూడు" అన్నాడు బాబాయ్. నోటితో అడగడం ఆయనకి రాదు. రాయడం వచ్చని మాత్రం ఆయనకి గట్టి నమ్మకం.

గురువారం గుణాలు వసూలు చేశాడు. డ్రైవరు, "టైముకి వస్తుంది" అన్నాడు. పాలిష్ మామ, "నిజాయితీ" అన్నాడు. ఓనరు, "మెటీరియల్ వేస్టు చెయ్యదు" అన్నాడు. బాబాయ్ తన వంతు "ఓపిక" చేర్చి, అలవాటు కొద్దీ "నవ్వుతూ పలకరిస్తారు" కూడా పడేశాడు. సాయంత్రం ఇంటికెళ్లి, ఉతికిన బట్టలు మడత పెడుతున్న భార్య ఎదురుగా కూర్చుని, షాపులో చదివినట్టే గట్టిగా చదివాడు.

"గౌరవనీయులైన అక్కగారికి పుట్టినరోజు శుభాకాంక్షలు. మీలోని మంచి గుణాలు. సమయపాలన. నిజాయితీ. పొదుపు. ఓపిక. నవ్వుతూ పలకరిస్తారు. మీరు నిండు నూరేళ్లూ..."

భార్య చేతిలో తువ్వాలు ఆగింది. ఆవిడ ఒక క్లినిక్‌లో ముందు బల్ల దగ్గర కూర్చుని చీటీలు రాస్తుంది.

"ఏవండీ, ఎవర్ని పంపించేస్తున్నారు?"

"పంపించెయ్యడమేంటి? పుట్టినరోజు కార్డు ఇది."

"మా దగ్గర డిశ్చార్జి కాగితం అచ్చం ఇలాగే ఉంటుంది. జ్వరం లేదు. తింటోంది. నడుస్తోంది. ఇంటికి పంపించవచ్చు."

"నీకన్నీ క్లినిక్ లాగే కనిపిస్తాయి."

"పోనీ, పేరు చెప్పకుండా మళ్లీ చదవండి. టైము తప్పదు, నిజాయితీ, ఓపిక. మన గోడ గడియారానికి కూడా ఇదే ఇచ్చెయ్యొచ్చు." తువ్వాలు మడిచి పక్కన పెట్టింది. "మొన్న మీ షాపులో లోడింగ్ ముసలాయన పని మానేస్తే ఏం చదివారు?"

బాబాయ్ ఆయనకీ ఇదే చదివాడు. "మీలోని మంచి గుణాలు" అనే మొదలుపెట్టాడు. అక్క కూడా ఆ రోజు బల్ల దగ్గరే నిలబడి విన్నది.

"వెళ్దామా ఉందామా అని ఊగుతున్న మనిషి చేతిలో ఇది పెడితే, వెళ్లమనే అనుకుంటుంది" అంది భార్య. "అయినా రోజూ 'నువ్వు' అనే మనిషిని కాగితం మీద 'మీరు' అంటారేంటి? పాపం, భయపడదూ?"

బాబాయ్‌కి కోపం వచ్చింది. రెండో గదిలోకి వెళ్లి తలుపు వేసుకున్నాడు. కాసేపటికి బయటికొచ్చి, "ఇప్పుడు విను. ఒక్క గీత కూడా లేదు" అన్నాడు.

"అక్కా, నీకు సమయపాలన ఉంది మరియు నిజాయితీ ఉంది. అంతేకాకుండా నువ్వు పొదుపు చేస్తావు. అదేవిధంగా నీకు ఓపిక కూడా కలదు..."

"గీతలు పీకేసి మరియులు కొట్టారు" అంది భార్య. "కుట్టు ఊడిన చోట మీరే స్టేపుల్స్ కొట్టొద్దంటారుగా, పిన్ను కనిపిస్తుందని. ఇప్పుడవి ఎన్ని కొట్టారు?"

మూడోసారి ఆయన పట్టుదల మీదున్నాడు. తన దగ్గరున్న గొప్ప మాటలన్నీ బయటికి తీశాడు. అక్క ఓపిక సముద్రమంత అన్నాడు. నిజాయితీ పర్వతమంత అన్నాడు. సమయపాలనకి పోలిక దొరక్క కాస్త తడబడి, సూర్యుణ్ణి పట్టుకొచ్చాడు.

"ఆ అక్క ఎంత ఎత్తు ఉంటుంది?" అంది భార్య.

"నా భుజం దాకా."

"మరి ఇవన్నీ ఎక్కడ పెట్టుకుంటుందండీ?"

బాబాయ్ పెన్ను మూత పెట్టేశాడు. భార్యకి జాలేసినట్టుంది. "ఓపిక అని రాశారుగా. అసలు మీకెందుకనిపించింది అలా? ఏం చేస్తే అనిపించింది?" అంది.

"అంటే... ఓపిక గలది కాబట్టి."

"మిగతావాళ్లకైనా ఎందుకనిపించిందో గుర్తుందేమో, వెళ్లి అడగండి" అని లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది.

మరుసటి రోజు పొద్దున బాబాయ్ గుణాలు రాసుకున్న చీటీల కట్ట పట్టుకుని మళ్లీ బయల్దేరాడు. నిన్న అడిగినవాళ్లనే మళ్లీ అడగడానికి ఆయనకి సిగ్గేసింది. రెక్సిన్ కొలత తక్కువైందని దుకాణానికి తిరిగి వెళ్లినట్టే ఉంది.

డ్రైవరు వ్యాన్ అద్దం తుడుస్తున్నాడు. "టైముకి వస్తుందన్నావు. ఎందుకలా అన్నావు?"

"ఎందుకేంటి బాబాయ్, నేను తాళంచెవి పట్టుకుని వచ్చేసరికి ఆవిడ ఆ మెట్టు మీద కూర్చునుంటుంది. ఒక్క రోజు ఆ మెట్టు ఖాళీగా ఉంటే ఆదివారమేమోనని వెనక్కెళ్లిపోబోయా."

ఓనరు ఫోను కింద పెట్టి, "వేస్టు అంటే... ఆ పువ్వుల కుర్చీ లేదూ? బల్ల మీద ఏం మిగిలింది? ఇంత" అని గుప్పెడు చూపించాడు. "ఇంకొకళ్లయితే కోసి చెడగొట్టి, బట్ట చాల్లేదనేవాళ్లు."

పాలిష్ మామ బ్రష్షు దించకుండానే చెప్పాడు. "నాకైతే అదే కుర్చీ. కుర్చీ చేయించుకున్నావిడ చూసి మురిసిపోతోంది, తీసుకెళ్లిపోతోంది కూడా. మన అక్క పోయి కుషన్ ఎత్తి లోపం చూపించిందే! నాకు గుండె ఆగిపోయింది. నువ్వైతే చూపిస్తావా?"

"నా సంగతి వదిలెయ్యి" అన్నాడు బాబాయ్.

కానీ ఆయన కాళ్లు అక్కడే ఆగిపోయాయి. ఓపిక అని తను ఎందుకు రాశాడో ఇప్పుడు గుర్తొచ్చింది. అది కూడా ఆ కుర్చీ రోజే. డ్రైవరు మెట్టు ఒక్కటి తప్ప, ఓనరు గుప్పెడు, పాలిష్ మామ కుషన్, తన ఓపిక, అన్నీ ఆ ఒక్క కుర్చీ దగ్గరికే చేరుతున్నాయి. చీటీలు నాలుగూ మెషీన్ మీద పరిచాడు. రోజూ చేసే పనే కదా, ఇప్పటిదాకా ఎందుకు తట్టలేదని తనని తనే తిట్టుకున్నాడు. కుర్చీకి ఏ ముక్క ఎక్కడ వేశామో పైన చీటీలంటించి అమ్ముతామా? ముక్కల అంచులు లోపలికి మడుస్తాం. పైన కనిపించేది కుర్చీ. అలాంటిది, గుణాల పేర్లన్నీ పైకే కనిపించేలా పెట్టి, లోపల కుర్చీ అనేదే లేకుండా ఇన్నాళ్లూ కార్డులు అమ్మాడు.

అయిదో చీటీ "నవ్వుతూ పలకరిస్తారు" చేతిలోకి తీసుకుని ఆలోచించాడు. అక్క ఎప్పుడు నవ్విందో ఎంతకీ గుర్తురాలేదు. చీటీని ఉండచుట్టి చెత్తబుట్టలో వేశాడు. పారేయడం అలవాటు లేని చెయ్యి కదా, మొదటిసారి బుట్ట పక్కన పడింది.

మధ్యాహ్నం భోజనాల టైములో తినకుండా రాశాడు. ముందు "నీ ఓపిక" అని రాసి కొట్టేసి, ఓపికతో ఆవిడ ఏం చేసిందో రాశాడు. కుర్చీ కథలోకి మెట్టుని ఎలా తేవాలో తెలియక చాలాసేపు తంటాలుపడ్డాడు. చివరికి అక్కని ఆ మెట్టు మీద నుంచే లేపి కథలోకి నడిపించాడు. ఒక మాట చివర ఇంకో మాట పట్టుకుంటుంటే, "మరియు" రాయాల్సిన చోటే రాలేదు.

సాయంత్రం మెషీన్లు ఆగాయి. కోత బల్ల మీద అక్క కత్తెర పక్కకి జరిపి కేకు పెట్టారు. అక్క చేతులు కట్టుకుని, ఏదో కొలత తీసుకుంటున్నట్టు కార్డు వంక చూస్తూ నిలబడింది. బాబాయ్ గొంతు సవరించుకున్నాడు.

"అక్కా, ఆ ఎర్ర పువ్వుల కుర్చీ గుర్తుందా? ఒకావిడ వాళ్లమ్మ కూర్చునే కుర్చీకి పాత పువ్వులే కావాలని, ఎక్కడో వెతికి చిన్న బట్ట ముక్క పట్టుకుని పొద్దున్నే వచ్చింది. అది చాలదని నేను వాకిట్లోనే చెప్పేశాను. మా అందరికంటే ముందే వచ్చి మెట్టు మీద కూర్చున్న నువ్వు, లేచి ఆవిడ చేతిలో బట్ట అందుకుని లోపలికి నడిచావు. పువ్వులన్నీ నిలువుగా నిలబడాలి కాబట్టి ముక్కల్ని అడ్డం తిప్పడానికి లేదు. కత్తెర ముట్టకుండా, కాగితం నమూనాల్నే అటు జరిపి ఇటు జరిపి మధ్యాహ్నం దాటించావు. లేని బట్ట ఎక్కణ్ణుంచి తెస్తావని మేం వేసిన జోకులన్నీ విన్నావు, ఒక్కదానికీ నవ్వలేదు. సాయంత్రానికి దారి దొరికింది. కుర్చీ వీపు వెనకా, కుషన్ అడుగునా మామూలు గుడ్డ వేస్తే, కూర్చునే మనిషికి కనిపించేదంతా పువ్వులే. కోశాక బల్ల మీద మిగిలింది గుప్పెడు పీలికలు. ఆవిడ వచ్చి కుర్చీ చూసి మురిసిపోతుంటే, మాలో ఎవరం నోరెత్తకముందే నువ్వు కుషన్ ఎత్తి, 'దీన్ని తిరగేసి వాడుకోలేవమ్మా' అని చెప్పావు. ఆవిడకి ఆ మాట వినిపించిందో లేదో. పువ్వు పువ్వుతో కలిసిన చోట వేలు పెట్టుకుని అలాగే నిలబడిపోయింది. ఆ చోట కుట్టింది నేనే. నా కుట్టు తిన్నగా ఉంటుందని అందరూ అంటారు. నువ్వు గీసిన గీత మీద నడుస్తుంది, అందుకే తిన్నగా ఉంటుంది. పుట్టినరోజు హాయిగా జరుపుకో అక్కా. ఎక్కడున్నా నీ కత్తెర పదును తగ్గకూడదు. ఇక్కడుంటే మాకు బాగుంటుంది."

చదవడం అయిపోయిందని ఎవరికీ వెంటనే తెలియలేదు. మామూలుగా అయితే "నిండు నూరేళ్లు" అనగానే చప్పట్లు కొడతారు. ఈసారి ఆ గుర్తు లేదు.

ముందుగా డ్రైవరు తేరుకున్నాడు. "అదేంటి బాబాయ్, అందరివీ వేసి నాది వదిలేశావ్? 'టైముకి వస్తుంది' ఏది?"

"మెట్టు మీద కూర్చోబెట్టాడు కదరా" అన్నాడు పాలిష్ మామ. "మనకంటే ముందే వచ్చి కూర్చుందన్నాడు, విన్లేదూ? నా 'నిజాయితీ'ని చూడు, ఎలా కుషన్ కింద పెట్టాడో."

"ఓహో" అన్నాడు డ్రైవరు. కాసేపు ఆలోచించి, "ఆ మెట్టు నేను చెప్పిందే" అని అందరికీ వినపడేలా అన్నాడు.

ఓనరు, "ఆ గుప్పెడు నాది" అన్నాడు.

అక్క మాత్రం చెయ్యి చాపింది. బాబాయ్ కార్డు ఇచ్చాడు. ఆవిడ దాన్ని బల్ల మీద పరిచి, బట్ట మీద ముడత తీసినట్టు అరచేత్తో ఒకసారి రాసి, మొదటి నుంచి చివరి దాకా తనే చదువుకుంది. బాబాయ్ ఆవిడ కళ్లనే చూస్తున్నాడు. సగానికి వచ్చింది. కిందకి వచ్చింది. చివరి మాట దగ్గర ఆగింది. అక్కడ చాలాసేపు ఉంది.

"తమ్ముడూ" అంది.

"చెప్పక్కా."

"ఆ పువ్వులు ఎరుపు కాదు. నీలం."

"నాకు ఎరుపే గుర్తు..."

"నీకు రంగులు ఎప్పుడు తెలుసు గనక? ఊదా సోఫాకి ఆకుపచ్చ దారం ఎక్కించిన వాడివి." చెవి మీది సుద్ద తీసి కార్డు మీద 'ఎర్ర' కొట్టేసి, పైన 'నీలం' అని రాసింది. కార్డుని అంచుకి అంచు కలిపి మడిచి కత్తెర పెట్టె అడుగున పెట్టి మూత వేసింది. "కేకు కోయండి. ఏం చూస్తున్నారు?"

కేకు తింటున్నంతసేపూ ఎవరూ అడగలేదు. అడగాలని ఓనరు రెండుసార్లు నోరు తెరిచి, రెండుసార్లూ అందులో కేకు పెట్టుకున్నాడు. బాబాయ్ తన ముక్క పక్కన పెట్టి, అంతా రాసినవాణ్ణి 'నీలం' రాయలేకపోయానే అని తిట్టుకుంటున్నాడు. ఆ ఒక్క రంగు వల్లే వెళ్లిపోతుందేమో అని కూడా అనిపించింది. అంత దూరం ఆలోచించగల మనిషి ఆయన.

అందరూ సర్దుకుంటుండగా అక్క చేతిసంచీ భుజాన వేసుకుని మెషీన్ దగ్గర ఆగింది.

"నీ పుట్టినరోజు ఎప్పుడు?"

"వానాకాలం అయ్యాక. ఎందుకక్కా?"

"ఎప్పుడూ నువ్వే రాస్తావు. నీ కార్డు ఇంతవరకూ ఎవరూ రాయలేదుగా. ఈసారి నేను రాస్తా." అప్పుడే అందరినీ ఆయన మంచి గుణం అడిగి వచ్చినట్టుంది, వేళ్లు మడిచింది. "పాలిష్ మామ ఆలోచించి చెప్తానన్నాడు. డ్రైవరు పరధ్యానంగా ఉన్నట్టు నటించాడు. ఓనరైతే ఫోనెత్తాడు, అది మోగను కూడా లేదు."

వానాకాలం అయ్యాక. అంటే అప్పటికీ ఉంటుంది. ఆ లెక్క బాబాయ్ మనసులో ఇంకా పూర్తి కాకముందే అక్క గుమ్మం దగ్గరికి వెళ్లింది. వెళ్తూ వెళ్తూ వెనక్కి తిరిగి, ఆయన్ని పైనుంచి కిందకి ఒకసారి కొలిచినట్టు చూసింది.

"బట్ట చాలా తక్కువుంది తమ్ముడూ" అంది. "అయినా, సరిపెడతాలే."

నవ్వింది కూడా. పాలిష్ మామ చూశాడు కాబట్టి సాక్ష్యం ఉంది. బాబాయ్ వంగి, పొద్దున చెత్తబుట్టలో వేసిన చీటీ కోసం వెతకడం మొదలుపెట్టాడు.